ఇరవై ఏళ్లు ఉన్న ఇల్లు అమ్మితే పన్నెందుకు?

"మేడం, నేను రిటైర్డ్ టీచర్‌ని. 2005 ఆగస్టులో కూకట్‌పల్లిలో రిజిస్ట్రేషన్‌తో కలిపి 12 లక్షలకు కొన్న ఫ్లాట్‌ని 2026 ఫిబ్రవరిలో 1.10 కోట్లకు అమ్మాను. ఇన్నేళ్లూ మేమే ఉన్నాం, అద్దెకి కూడా ఇవ్వలేదు. రాజమండ్రిలో 45 లక్షల్లో చిన్న ఇల్లు చూసుకుని మిగతాది బ్యాంకులో వేసుకుందామంటే, చాలా పన్ను పడుతుందని అంటున్నారు. న్యూజెర్సీలో మా తమ్ముడు ఇల్లు అమ్మి ఒక్క డాలరు కూడా కట్టలేదట. ఉన్న ఇంటి మీద పన్నేమిటి? మనకెందుకు ఆ వెసులుబాటు లేదు? ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

మాస్టారూ, మీ తమ్ముడు చెప్పింది నిజమే, మీకు పన్ను పడుతుందన్నదీ నిజమే. అక్కడి చట్టం "ఆ ఇంట్లో ఉన్నావా?" అని అడుగుతుంది. మన చట్టం "మళ్లీ ఇల్లు కొన్నావా?" అని అడుగుతుంది. మీరు ఇరవై ఏళ్లు ఉన్నారా, ఇరవై రోజులు కూడా ఉండకుండా అద్దెకిచ్చారా అన్నది, మళ్లీ ఇల్లు కొంటే లాభం మీద పన్ను మినహాయించే మన సెక్షన్ 54కి అక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే ఆ సెక్షన్ శీర్షికలో "నివాసానికి వాడిన ఆస్తి" అనే మాట ఇప్పటికీ ఉంది. ఒకప్పుడు అమ్మేవాళ్లో వాళ్ల తల్లిదండ్రులో ఆ ఇంట్లో ఉండి ఉండాలనే షరతు కూడా ఉండేది. 1980లలో షరతు తీసేశారు, శీర్షిక మాత్రం మిగిలిపోయింది. దాంతో మూడో ఫ్లాటు అమ్మి నాలుగో ఫ్లాటు కొనేవాళ్లకి మినహాయింపు పూర్తిగా దొరుకుతుంది, ఉన్న ఒక్క ఇల్లు అమ్ముకుని పిల్లల దగ్గరికో అద్దె ఇంటికో వెళ్లే పెద్దవాళ్లకి ఆ సెక్షన్ కింద పైసా దొరకదు. ఇది సరైన పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం.

అసలు ఉంటున్న ఇంటిని చాలా దేశాలు ఎందుకు వదిలేస్తాయో మీ ఫ్లాటుతోనే చూద్దాం. ఆరోగ్యం బాగోక, లిఫ్టు లేదని, అదే కూకట్‌పల్లిలో పక్క వీధిలో లిఫ్టు ఉన్న ఫ్లాటుకి మారాలనుకున్నారనుకోండి. మీది 1.10 కోట్లకి అమ్ముడైతే పక్క వీధిలోదీ దాదాపు అంతే ఉంటుంది. లాభం 98 లక్షలని కాగితం మీద కనిపిస్తుంది గానీ మీ చేతిలో అదనంగా ఏమీ లేదు, ఒక గూడు ఇచ్చి ఇంకో గూడు తీసుకుంటున్నారు, అంతే. అందులోంచి పది, పన్నెండు లక్షలు ప్రభుత్వం తీసుకుంటే అలాంటి ఇల్లే మళ్లీ కొనలేరు. అప్పుడు జనం ఏం చేస్తారంటే, అసలు అమ్మరు. ఉద్యోగం వేరే ఊళ్లో వచ్చినా, మెట్లు ఎక్కలేకపోయినా, పిల్లలు వెళ్లిపోయి మూడు గదులు ఖాళీగా ఉన్నా ఆ ఇంటినే పట్టుకుని ఉంటారు. షేర్లయితే ఎప్పుడు అమ్మాలో మన చేతిలో ఉంటుంది. ఇల్లు మాత్రం బదిలీ వల్లో, ఇంట్లో ఒకరు పోవడం వల్లో, విడిపోవడం వల్లో అమ్ముకుంటాం. పైగా ఇరవై ఏళ్లలో పెరిగిన ధరలో పెద్ద భాగం రూపాయి విలువ పడిపోవడమే, దాన్ని లాభం అని పిలవడమే సగం తప్పు.

మీ తమ్ముడి గురించి ఇంకో సంగతి. అమెరికాలో ఈ వెసులుబాటు మొదట్నుంచీ ఇలా లేదు. 1951 నుంచి 1997 దాకా వాళ్లదీ మన లాంటి పద్ధతే: అమ్మిన ధరకి తగ్గకుండా మళ్లీ ఇల్లు కొంటే అప్పటికి పన్ను లేదు. అయితే అది మాఫీ కాదు, వాయిదా. పాత ఇంటి లాభం కొత్త ఇంటి ఖరీదులోంచి తీసేసేవారు, ఆ ఇల్లు అమ్మినప్పుడు ఇంకోదానికి బదిలీ అయ్యేది. అలా ముప్పై, నలభై ఏళ్లలో నాలుగు ఇళ్లు మారిన మనిషి, మొదటి ఇల్లు ఎంతకి కొన్నాడో, ఏ సంవత్సరం గది కట్టించాడో, ఏ సంవత్సరం పైకప్పు మార్చాడో అన్నీ బిల్లులతో సహా దాచుకోవాలి. పన్ను పడకుండా ఉండటానికి అక్కర్లేకపోయినా అంతకంటే పెద్ద ఇల్లు కొనేవాళ్లు. మీలాగా చిన్న ఇంటికి మారాలనుకున్న పెద్దవాళ్లకే దెబ్బ తగిలేది. అందుకని 55 ఏళ్లు దాటినవాళ్లకి జీవితంలో ఒక్కసారి 1,25,000 డాలర్ల లాభం దాకా వదిలేశారు. అదీ చాలక 1997లో మొత్తం పద్ధతినే మార్చి ఇప్పటి నియమం తెచ్చారు: అమ్మే ముందు ఐదేళ్లలో కనీసం రెండేళ్లు అది మీ సొంతమై, మీరు అందులో ఉంటే, ఒంటరి మనిషికి 2,50,000 డాలర్ల లాభం, కలిపి రిటర్ను వేసే భార్యాభర్తలకి 5,00,000 డాలర్ల లాభం దాకా పన్ను లేదు. మళ్లీ ఇల్లు కొన్నారా లేదా అని అడగరు. మీ తమ్ముడు 3,10,000కి కొని 6,90,000కి అమ్మి ఉంటే లాభం 3,80,000, భార్యాభర్తల పరిమితిలోపే ఉంది కాబట్టి కట్టాల్సింది సున్నా. ఆ పరిమితిని 1997 నుంచి ఇప్పటిదాకా పెంచలేదు, అందుకే కాలిఫోర్నియా లాంటి చోట్ల పాత ఇళ్లు అమ్మేవాళ్లకి ఇప్పుడు పన్ను పడుతోంది.

బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో ఉంటున్న ఇంటికి అలాంటి పైపరిమితి కూడా లేదు. దీనికీ ఒక నష్టం ఉంది, అది దాచకూడదు: ఇల్లు కొనలేక అద్దెకుండి మ్యూచువల్ ఫండ్లలో దాచుకున్న మనిషి తన లాభం మీద పన్ను కడతాడు, ఇల్లున్నవాడు కట్టడు. కోట్ల ఖరీదు ఇల్లున్నవాడికి ఇంకా ఎక్కువ మేలు. అందుకే పరిమితి పెట్టి వదిలేయడమే మంచిదని నాకనిపిస్తుంది.

మన పద్ధతిలో మేలు లేదని కాదు. మళ్లీ ఇల్లు కొని మూడేళ్లు ఉంచుకుంటే ఆ మినహాయింపు పూర్తిగా మీదే, పాత అమెరికా పద్ధతిలోలా లాభం కొత్త ఇంటి నెత్తిన పడదు. మూడేళ్లలోపు అమ్మితే మాత్రం ఇప్పుడు వదిలేసిన లాభాన్ని కొత్త ఇంటి ఖరీదులోంచి తగ్గించి లెక్క కడతారు, అంటే పన్ను తిరిగొచ్చి పడుతుంది. కాబట్టి రాజమండ్రిలో ఉండగలమో లేదో అన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ముందే తేల్చుకోండి.

ఇక మీ లెక్క. 2024 జూలై 23 నుంచి అమ్మిన ఇళ్లకి పన్ను 12.5 శాతం, ధరల పెరుగుదల సర్దుబాటు లేదు. కానీ ఆ తేదీకి ముందు కొన్న ఇళ్ల విషయంలో, ఇక్కడ నివసించే వ్యక్తులకి, పాత పద్ధతిలో 20 శాతం లెక్క కూడా వేసి, రెండిట్లో ఏది తక్కువైతే అదే కట్టొచ్చు. మీరు 2005-06లో కొన్నారు, అప్పటి ధరల సూచీ 117, అమ్మిన 2025-26 సూచీ 376. 12 లక్షల్ని ఆ నిష్పత్తిలో పెంచితే 38.56 లక్షలవుతుంది.

ఇల్లు కొనకుండా మొత్తం బ్యాంకులో వేసుకుంటే, కొత్త లెక్కలో లాభం 98 లక్షలు, పన్ను 12.25 లక్షలు. పాత లెక్కలో లాభం 71.44 లక్షలు, పన్ను 14.29 లక్షలు. కొత్తదే తక్కువ. (సర్‌చార్జి, సెస్ దీని మీద అదనం, ఇక్కడ కలపలేదు.)

45 లక్షల ఇల్లు కొంటే లెక్క తిరగబడుతుంది, చాలామంది చూసుకోని చోటు ఇదే. కొత్త లెక్కలో 98లోంచి 45 పోతే 53 లక్షలు, 12.5 శాతం అంటే 6.62 లక్షలు. పాత లెక్కలో 71.44లోంచి 45 పోతే 26.44 లక్షలే, 20 శాతం అంటే 5.29 లక్షలు. అంటే మినహాయింపు లేనప్పుడు కొత్తది లాభం, మినహాయింపు ఉన్నప్పుడు పాతది లాభం. చట్టం చెప్పింది పాత నిబంధనల ప్రకారం వచ్చే పన్నుతో పోల్చి ఎక్కువైనంత వదిలేయమని, ఆ పాత నిబంధనల్లో సెక్షన్ 54 కూడా ఉంది. మీ ఆడిటర్‌ని రెండు లెక్కలూ మినహాయింపుతో కలిపి వేసి చూపించమనండి, ఒక్క లెక్కే వేసి ఇస్తే ఒప్పుకోకండి. రిటర్నులో ఆ అంకెలు సరిగ్గా పడ్డాయో లేదో కూడా దగ్గరుండి చూసుకోండి.

మిగిలిన 26.44 లక్షల లాభాన్ని కూడా తగ్గించే దారి ఒకటుంది. సెక్షన్ 54ఈసీ బాండ్లు, ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్‌ఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ సంస్థలవి. రిజిస్ట్రేషన్ అయిన ఆరు నెలల్లోపు, అంటే మీకు ఆగస్టులోపు, గరిష్ఠంగా 50 లక్షల దాకా కొనొచ్చు. 27 లక్షలు పెడితే పాత లెక్క సున్నాకి వస్తుంది. వడ్డీ బ్యాంకు డిపాజిట్ కంటే తక్కువ, ఆ వడ్డీ మీద పన్నూ ఉంది, ఐదేళ్లు కదల్చలేరు, దాని మీద అప్పు కూడా తీసుకోకూడదు. వడ్డీలో పోయేది లెక్కేసుకున్నా 5.29 లక్షలు మిగలడంతో మీకే లాభం. కానీ మీ చేతిలో మిగిలే 65 లక్షల్లో 27 పోతే మిగతా 38 లక్షలు ఇద్దరి మందులకీ ఆసుపత్రికీ ఐదేళ్లు సరిపోతాయా అన్నది మీరే కూర్చుని ఆలోచించాలి. సరిపోదనుకుంటే తక్కువ బాండ్లు కొని, మిగిలినదాని మీద పన్ను కట్టేయండి. పన్ను తప్పించుకోవాలనే తొందరలో ఆసుపత్రి డబ్బుకి తాళం వేసుకోవద్దు.

తేదీలు జాగ్రత్త. రెడీ ఇల్లు కొనడానికి అమ్మిన రోజు నుంచి రెండేళ్లు టైముంది, 2028 ఫిబ్రవరి దాకా. స్థలం కొని కట్టుకుంటే మూడేళ్లు, 2029 ఫిబ్రవరికల్లా ఇల్లు పూర్తవ్వాలి. ఈ రెండేళ్ల మాట విని చాలామంది ధీమాగా ఉండిపోతారు, అసలు పొరపాటు అక్కడే జరుగుతుంది. రిటర్ను గడువు జూలై 31లోపు ఇల్లు కొనడం పూర్తి కాకపోతే, దానికోసం అట్టే పెట్టిన డబ్బుని బ్యాంకులో "క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ స్కీమ్" ఖాతాలోనే వెయ్యాలి. మామూలు ఎఫ్‌డీ పనికిరాదు.

నా దగ్గరికి ఒకాయన ఫైలు పట్టుకొచ్చి ఎఫ్‌డీ రసీదు బల్ల మీద పెట్టారు. 30 లక్షలు, వేసిన తేదీ గడువులోపే, ఒక్క రూపాయి కూడా వాడుకోలేదు. "బ్యాంకులో అడిగితే రెండూ ఒకటే అన్నారండీ" అన్నారు. రసీదు మీద స్కీమ్ పేరు లేదు. ఆ రసీదుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను, ఆయన నా మొహం వంక చూస్తున్నారు. అప్పటికి ఇల్లు ఇంకా కొనలేదు, గడువు దాటిపోయింది, వాదించే దారి ఉన్నా అది అప్పీళ్ల దారి. ఆయన పన్నుతో పాటు వడ్డీ కూడా కట్టారు. బ్యాంకుకి వెళ్లినప్పుడు స్కీమ్ పేరు రాసి చూపించి అడగండి. పొదుపు ఖాతాలా ఉండే "ఎ" రకం, డిపాజిట్‌లా ఉండే "బి" రకం అని రెండున్నాయి. ఇల్లు త్వరలో కొనేట్టయితే "ఎ" రకం నయం. గ్రామీణ బ్రాంచీల్లో ఈ ఖాతా తెరవరు. తీసిన డబ్బుని 60 రోజుల్లో ఇంటికోసమే వాడాలి, ఇల్లు కొనకుండా వదిలేస్తే మూడేళ్లు నిండిన సంవత్సరంలో దాని మీద పన్ను పడుతుంది.

ఇల్లు మీ పేరున కొనండి. ఆవిడ పేరు రెండో పేరుగా పెట్టుకోవచ్చు. "ఎలాగూ వాడిదే కదా" అని అబ్బాయి పేరున కొంటే మినహాయింపు ఇవ్వడం లేదన్న తగాదాలు కోర్టుల దాకా వెళ్లాయి, తీర్పులు రెండు రకాలుగానూ ఉన్నాయి. ఆ టెన్షన్ మీకెందుకు, తర్వాత వీలునామా రాసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చూ స్టాంపు డ్యూటీ కూడా కొత్త ఇంటి ఖరీదులోకి వస్తాయి, వాటి రసీదులు ఉంచండి.

పాత ఇంటి బిల్లులు కూడా వెతకండి. మా అమ్మ గుంటూరు ఇంటికి సంబంధించినవన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టేది. బోరు వేయించిన రసీదు, ప్రహరీ కట్టిన మేస్త్రీకి ఇచ్చిన డబ్బులు రాసుకున్న చిట్టా, కరెంటు మీటరు కాగితం, అన్నీ పసుపు పచ్చగా అయిపోయి. ఇల్లు అమ్మిన రోజున ఆ డబ్బాలోంచి ప్రహరీ ఖర్చు లెక్కలోకి తెచ్చుకోగలిగాం. మీరు బాల్కనీ మూయించి గది చేయించుకుని ఉంటే, దాని బిల్లూ డబ్బు చెల్లించిన ఆధారమూ ఉంటే, ఆ ఖర్చు కొన్న ధరకి తోడవుతుంది. రంగులు, కుళాయిల రిపేర్లు రావు.

కొన్నవాళ్లు మీకిచ్చిన డబ్బులో ఒక శాతం, 1.10 లక్షలు, మీ పాన్ మీద టీడీఎస్ కోసి కట్టి ఉండాలి. అది మీ ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుందో లేదో చూడండి, మీరు కట్టాల్సిన పన్నులో అది తగ్గుతుంది. కనిపించకపోతే ఇప్పుడే వాళ్లని అడగండి, జూలైలో అడిగితే ఆలస్యం. ఇంకో సంగతి, కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదన్నది ఇంటి లాభానికి వర్తించదు, ఈ విషయంలో పెన్షనర్లలో చాలామంది పొరబడుతున్నారు. ఏప్రిల్ 1, 2026 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. మీరు అమ్మింది ఫిబ్రవరిలో కాబట్టి మీకు పాత చట్టమే, ఎవరైనా కొత్త నంబర్లు చెప్తే కంగారు పడకండి.

చివరిగా మీ తమ్ముడికి ఒక మాట చేరవెయ్యండి. ఆయనకి ఇక్కడ ఊళ్లో ఇల్లేమైనా ఉండి అమ్మాలనుకుంటే, న్యూజెర్సీ ఇంటికి దొరికిన వెసులుబాటు దానికి దొరకదు, గత ఐదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే అది. ఇక్కడ మళ్లీ ఇల్లు కొని సెక్షన్ 54 కింద సున్నా చేసుకున్నా, అమెరికా రిటర్నులో ఆ లాభం చూపించి అక్కడ పన్ను కట్టాల్సి రావచ్చు. ఇక్కడ పన్ను కట్టి ఉంటే అక్కడ దానికి క్రెడిట్ దొరుకుతుంది, ఇక్కడ ఏమీ కట్టకపోతే క్రెడిట్ ఇవ్వడానికీ ఏమీ ఉండదు. పైగా ఆయన ప్రవాసి కాబట్టి ఇక్కడ పాత 20 శాతం లెక్క ఎంచుకునే వీలు లేదు, కొనేవాళ్లు కోసే టీడీఎస్ కూడా ఒక శాతం కాదు, 12.5 శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్. తక్కువ కోయమనే సర్టిఫికెట్టు కోసం రిజిస్ట్రేషన్‌కి ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. అది చేతికి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి, కొనేవాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకున్న రోజే ఆ పని మొదలుపెట్టమనండి.